నారింజ రంగు హెచ్చరిక, కొత్త ఐబాన్: 960 యూరోలు పంపాలా?

నమస్తే అక్కా. మాది ఖమ్మం. మాస్టర్స్ చదవడానికి డ్రెస్డెన్ వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. ఒక ఫ్లాట్‌లో గది దొరికింది. ఓనరే దగ్గరుండి చూపించాడు, అగ్రిమెంట్ మీద సంతకాలయ్యాయి, ఒకటో తారీఖున తాళాలిస్తానన్నాడు. అద్దె 320 యూరోలు, హీటింగ్ అవీ కలిపితే 430. డిపాజిట్ 960. అద్దె వేయాల్సిన ఐబాన్, అంటే ఇక్కడి బ్యాంకు ఖాతా నంబరు, అగ్రిమెంట్‌లోనే ఉంది. కానీ నిన్న మెయిల్‌లో ‘డిపాజిట్ మాత్రం దీనికి పంపండి’ అని వేరే ఐబాన్ వచ్చింది. బ్యాంకు యాప్‌లో అన్నీ నింపాక ఈ తెర వచ్చింది. దాని స్క్రీన్‌షాట్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

```
Betrag                 960,00 EUR
IBAN                   DE.. .... .... .... .... ..
Verwendungszweck       Kaution
Ende-zu-Ende-Referenz  NOTPROVIDED
Ausführung             Echtzeitüberweisung
Entgelt                0,00 EUR
Empfängerüberprüfung   Name stimmt nahezu überein
```

ఓనర్ పేరు అగ్రిమెంట్‌లో ఎలా ఉందో అలాగే టైప్ చేశాను: పేరులో మొదటి అక్షరం, తర్వాత ఇంటిపేరు. కింద నారింజ రంగులో భార్యాభర్తలవి అనిపించే రెండు పూర్తి పేర్లు చూపిస్తోంది. ఇంటిపేరు మాత్రం ఓనర్‌దే. రూమ్మేట్ ‘ఏం కాదు, Freigeben నొక్కి ఆమోదించేయ్’ అంటోంది. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య ‘అది ఫ్రాడ్, ముట్టుకోకు’ అంటున్నాడు. నెలకింత అని మాత్రమే తీసుకోనిచ్చే బ్లాక్డ్ అకౌంట్ నుంచి నాకు నెలకొచ్చేది 992 యూరోలే. NOTPROVIDED అంటే ఏమిటి? ఫీజు నిజంగా సున్నాయేనా? నొక్కనా, వద్దా?

— ఒక పాఠకురాలు, డ్రెస్డెన్

ఆ తెర ఇంకా తెరిచే ఉంటే Abbrechen, అంటే రద్దు, నొక్కి బయటికి రండి. రద్దు చేసినందుకు ఫీజు లేదు, మీ ఖాతాలోంచి ఒక్క సెంటు కూడా కదలదు. వివరాలన్నీ మళ్లీ నింపడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. తాళాలు ఒకటో తారీఖున కాబట్టి మీకు తొందరపడాల్సిన అవసరం లేదు.

ఇప్పుడు ఆ తెర సంగతి. అందులోని వరసలన్నీ ఒకే చోటు నుంచి వచ్చినవి కావు. మొత్తం, ఐబాన్, డబ్బు ఎందుకు పంపుతున్నారో రాసే Verwendungszweck మీరు టైప్ చేసినవే, యాప్ వాటిని తిరిగి మీకే చూపిస్తోంది. Entgelt, అంటే ఫీజు, మీ బ్యాంకు చెప్పిన మాట. ఇక ‘పేరు దాదాపుగా కలిసింది’ అన్న చివరి వరస ఒక్కటే అవతలి బ్యాంకు నుంచి వచ్చింది. మీకు తెలియని కొత్త సమాచారం ఆ తెర మొత్తంలో అదొక్కటే, కాబట్టి దాన్నే నెమ్మదిగా చదవాలి.

మెయిల్‌లోంచి ఎక్కించిన ఐబాన్‌ని యాప్ అభ్యంతరం లేకుండా తీసుకుందంటే అది సరైనదే కదా అని చాలామంది అనుకుంటారు. జర్మన్ ఐబాన్‌లో 22 అక్షరాలు ఉంటాయి. ఉదాహరణగా అందరూ వాడే DE89 3704 0044 0532 0130 00 తీసుకోండి. DE దేశం, 89 తనిఖీ అంకెలు, తర్వాతి ఎనిమిది అంకెలు బ్యాంకు కోడ్, చివరి పది అంకెలు ఖాతా నంబరు. ఆ రెండు తనిఖీ అంకెలు మిగతా అంకెల నుంచి లెక్కకట్టినవి. అందుకే ఎక్కించేటప్పుడు ఒక్క అంకె తప్పు పడినా యాప్ ఒప్పుకోదు. కానీ మోసగాడు పంపిన ఐబాన్ కూడా నిజమైన ఐబానే, దాని లెక్క కూడా కుదురుతుంది. అంకెలు సరిపోవడం టైపింగ్ తప్పులు లేవని మాత్రమే చెబుతుంది, ఆ ఖాతా ఎవరిదో చెప్పదు.

ఎవరిదో చెప్పే ప్రయత్నమే Empfängerüberprüfung, అంటే డబ్బు అందుకునేవారి తనిఖీ. మన దగ్గర యూపీఐలో నంబరు కొట్టగానే అవతలివాళ్ల పేరు కనిపిస్తుంది కదా, ఆ అలవాటుతో ఇక్కడికి వచ్చినవాళ్లకు జర్మన్ బ్యాంకుల్లో పేరు ఎవరూ చూడరన్న సంగతి వింతగా ఉండేది. ఏళ్ల తరబడి ఇక్కడ డబ్బు ఐబాన్‌ని బట్టే వెళ్లేది. పేరు చోట ఏం రాసినా బ్యాంకు సరిచూడాల్సిన పని లేదు. 2025 అక్టోబరు 9 నుంచి యూరో వాడే దేశాల బ్యాంకులన్నీ, మీరు ఆమోదించక ముందే, టైప్ చేసిన పేరూ ఆ ఐబాన్ ఖాతాదారుడి పేరూ సరిపోతున్నాయో లేదో చూసి చెప్పాలి. దీనికి రుసుము వసూలు చేయకూడదు.

జవాబు నాలుగు రకాలుగా వస్తుంది. పేరు కలిసింది, దాదాపుగా కలిసింది, కలవలేదు, సరిచూడడం కుదరలేదు. మీకు వచ్చింది రెండోది. ఈ రెండో రకంలో మాత్రమే ఖాతాదారుడి అసలు పేరును అవతలి బ్యాంకు బయటపెడుతుంది. పూర్తిగా కలవకపోతే ‘కలవలేదు’ అని ఊరుకుంటుంది, ఎవరి పేరో చెప్పదు. మీరు పేరులో మొదటి అక్షరమే టైప్ చేశారు, అక్కడేమో ఖాతా ఇద్దరి పేరు మీద ఉన్నట్టుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా ‘దాదాపుగా’ అని రావచ్చు. అంటే ఆ నారింజ రంగు మోసానికి గుర్తు కాదు. మీ అన్నయ్య భయం సహజమే గానీ, ఈ వరసను బట్టి చూస్తే ఫ్రాడ్ అని తేల్చడానికి ఆధారం లేదు. మెయిల్ పంపింది దొంగ అయితే, ఓనర్ ఇంటిపేరుతోనే ఖాతా ఉన్న దొంగ దొరకడం అరుదు.

అలాగని మీ రూమ్మేట్ మాట కూడా పూర్తిగా నిజం కాదు. పేరు పూర్తిగా కలిసి ఆకుపచ్చ వచ్చినా ఆ ఐబానూ ఆ పేరూ ఒకరివేనన్నది ఒక్కటే తేలుతుంది. ఆ మనిషికి మీరు డబ్బు ఇవ్వాలా అన్నది బ్యాంకుకి తెలియదు. దొంగ తన సొంత పేరే ఇచ్చి ‘ఇతను మా అకౌంటెంట్, ఇతని పేరు మీద పంపండి’ అని రాస్తే, తెర పచ్చగానే కనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. కొన్ని యాప్‌లు తాము చూపించిన పేరునే పేరు గడిలో పెట్టుకుని మళ్లీ సరిచూడమంటాయి. అలా చేస్తే తప్పకుండా ఆకుపచ్చ వస్తుంది. బ్యాంకు చెప్పిన పేరే బ్యాంకుకి తిప్పి చెప్పారు కాబట్టి వచ్చింది అది. రంగు మారినంత మాత్రాన మీకు కొత్తగా తెలిసింది ఏమీ ఉండదు.

హెచ్చరిక వచ్చాక కూడా మీరు ఆమోదిస్తే, తర్వాత డబ్బు వేరేవాళ్లకు చేరిందని తేలినా బ్యాంకు బాధ్యత తీసుకోదు. ఈ మాట కూడా సాధారణంగా ఆ నారింజ గడిలోనే చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి.

ఇక నన్ను ఆలోచింపజేసింది ఆ రెండో ఐబాన్. దీనికి రెండు వైపులా కారణాలున్నాయి. జర్మన్ పౌరస్మృతి 551వ సెక్షన్ ప్రకారం ఓనర్ డిపాజిట్ డబ్బును తన సొంత ఆస్తితో కలపకుండా విడిగా బ్యాంకులో ఉంచాలి. రేపు అతను దివాలా తీసినా మీ డబ్బు మీకు దక్కాలన్నది ఉద్దేశం. అందుకని అద్దెకు ఒక ఖాతా, డిపాజిట్‌కి ఇంకో ఖాతా ఇవ్వడం పద్ధతి తెలిసిన ఓనర్లు చేసే పనే. మరోవైపు, ఓనర్ మెయిల్‌లోకి ఎవరో చొరబడి ‘ఖాతా మారింది, దీనికి పంపండి’ అని రాయడం కూడా బాగా తెలిసిన మోసమే. మీ చేతిలోని మెయిల్ ఈ రెంటిలో ఏదో ఆ మెయిల్‌ని చూసి చెప్పలేం. దానికి జవాబు రాసి అడిగినా లాభం లేదు, చొరబడినవాడే ‘అవును’ అంటాడు.

కాబట్టి అగ్రిమెంట్ మీద ఉన్న ఫోన్ నంబరుకు కాల్ చేయండి. మెయిల్ కింద ఉన్న నంబరుకు వద్దు. గది చూపించింది ఆయనే కాబట్టి గొంతు కూడా గుర్తుపడతారు. మీరు ఐబాన్ చదివి ‘ఇదేనా’ అని అడగకండి, డిపాజిట్ ఖాతా చివరి ఆరు అంకెలు ఆయననే చదవమనండి. ఖాతా ఎవరెవరి పేరు మీద ఉందో కూడా అడగండి. ‘నాదీ మా ఆవిడదీ’ అంటే ఆ నారింజ గడికి అర్థం దొరికినట్టే. జర్మన్ రాదని జంకుతుంటే, ఐబాన్‌ని అగ్రిమెంట్‌లో కలిపి సంతకం చేసి ఇమ్మని నేరుగా వెళ్లి అడగొచ్చు. ఇక్కడ ఎవరూ దాన్ని అనుమానంగా తీసుకోరు.

ఆయన అవునన్నా 960 ఒకేసారి పంపాలా అన్నది వేరే ప్రశ్న. మీ ఉత్తరంలో మీరు అడగకపోయినా నేను గట్టిగా చెప్పాలనుకున్న సంగతి ఇదే. అదే 551వ సెక్షన్ ప్రకారం డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించకూడదు, హీటింగ్ వంటి ఖర్చులు ఆ లెక్కలోకి రావు. మీ అద్దె 320, మూడు నెలలకు 960. అంటే ఆయన అడిగింది సరిగ్గా గరిష్ఠ మొత్తం, ఒక్క యూరో కూడా ఎక్కువ కాదు. కానీ దాన్ని మూడు సమాన వాయిదాల్లో ఇచ్చే హక్కు అద్దెకు దిగేవారికి ఉంది. మొదటి వాయిదా అద్దె ఒప్పందం మొదలయ్యే రోజున, మిగతా రెండూ తర్వాతి రెండు నెలల అద్దెలతో పాటు. అగ్రిమెంట్‌లో ‘మొత్తం ఒకేసారి’ అని రాసి ఉన్నా ఈ హక్కు పోదు.

మీ 992తో లెక్క వేసి చూడండి. ఒకేసారి పంపితే డిపాజిట్ 960 పోను మిగిలేది 32, మొదటి నెల అద్దె 430కి కూడా చాలదు. వాయిదాల్లో పంపితే 320, 430 కలిపి 750 పోయి 242 మిగులుతుంది. మూడు నెలలు బిగుతుగానే గడుస్తాయి, కానీ గడుస్తాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న సొమ్ము పక్కన ఉండి, ఓనర్‌తో మొదటి రోజే ఈ చర్చ ఎందుకు అనిపిస్తే ఒకేసారి ఇవ్వడంలో తప్పేమీ లేదు, చాలామంది అలాగే ఇస్తారు. వాయిదాలు అడిగితే కొందరు ఓనర్లు మొహం ముడుచుకుంటారన్నదీ నిజమే. మీరు సంతకం చేసేశారు కాబట్టి ఆ కారణంతో గది వెనక్కి తీసుకోలేరు. ఏదైనా సరే ముందుగా ఫోన్‌లో చెప్పి చేయండి, చెప్పకుండా 320 పంపితే తప్పు పంపారనుకుంటారు.

తెరలో Ausführung దగ్గర Echtzeitüberweisung అని ఉంది. అది పది సెకన్లలో అవతలికి చేరిపోయే రకం, అర్ధరాత్రయినా ఆదివారమైనా సరే. చేరాక మీ బ్యాంకు దాన్ని వెనక్కి లాగలేదు. తిరిగి అడగగలదు గానీ అవతలివాళ్లు ఒప్పుకుంటేనే వస్తుంది, అలా అడిగిపెట్టినందుకు బ్యాంకు రుసుము కూడా తీసుకోవచ్చు. మామూలు బదిలీ తర్వాతి బ్యాంకు పనిదినానికల్లా చేరుతుంది. దాన్ని కూడా ఆమోదించాక చట్టప్రకారం రద్దు చేసుకునే హక్కు లేదు, కాకపోతే ఇంకా బయటికి పోకపోతే ఫోన్ చేసి ఆపించే అవకాశం కొంత ఉంటుంది. మీ పరిస్థితికి నాకు నచ్చేది మూడోది, Terminüberweisung. తాళాలిచ్చే తేదీ వేసి ముందుగానే ఆమోదించి పెట్టొచ్చు, దానికి ముందటి పనిదినం ముగిసేదాకా తొలగించొచ్చు. ఒకటో తారీఖు శని, ఆదివారాల్లో పడితే మామూలు బదిలీ సోమవారమే కదులుతుంది, అది చూసుకుని తేదీ వేయండి. తాళాలు చేతిలో పెట్టే క్షణంలోనే డబ్బు కనబడాలని ఓనర్ పట్టుబడితే, అప్పుడు అతని ఎదురుగా నిలబడి Echtzeit పంపడం మంచి పనే. ఆ పది సెకన్లు అప్పుడు మీకూ ఉపయోగపడతాయి.

ఫీజు విషయానికి వస్తే, 2025 జనవరి 9 నుంచి యూరో దేశాల్లో బ్యాంకులు Echtzeit బదిలీకి మామూలు దానికంటే ఎక్కువ తీసుకోకూడదు. అందుకే రెంటికీ సున్నా కనిపిస్తుంది. అయితే ఆ 0,00 ఈ ఒక్క లావాదేవీ తెరలో చూపించినది. కొన్ని రకాల ఖాతాల్లో ఒక్కో బదిలీకి ఇంత అని లెక్కకట్టి నెలాఖరులోనో మూడు నెలలకోసారో కలిపి తీసుకుంటారు. విద్యార్థి ఖాతాల్లో చాలావాటికి ఆ బాధ లేదు. మీది ఏదో తెలియాలంటే ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన Preis- und Leistungsverzeichnis అన్న ధరల పట్టికలో Überweisung, అంటే బదిలీ, అని ఉన్న వరస చూడండి. ఓనర్‌కి మాత్రం మీరు పంపినంతా చేరుతుంది, దారిలో ఎవరూ కోత పెట్టరు. దారిలో కోతలు ఇండియాకి బ్యాంకు ద్వారా పంపేటప్పటి సమస్య, దీనికి సంబంధం లేదు. అన్నట్టు 960,00లోని కామా మనం చుక్క పెట్టే చోటు. వెయ్యి దాటితే 1.280,00 అని చుక్క వేలకి వస్తుంది. మొత్తం టైప్ చేశాక ఆ కామా ఎక్కడ పడిందో ఓసారి చూడండి.

NOTPROVIDED చూసి భయపడకండి. కంపెనీలు తమ బిల్లు నంబర్ల కోసం వాడుకునే గడి అది, మనుషులు సాధారణంగా దాన్ని నింపరు. ఖాళీగా వదిలితే వ్యవస్థే ఆ మాట వేస్తుంది. దాంతో డబ్బు ఆగదు, ఆలస్యం కాదు.

మీరు జాగ్రత్తగా నింపాల్సింది Verwendungszweck. అందులో 140 అక్షరాలు పడతాయి, మీరు డిపాజిట్ అని అర్థమొచ్చే Kaution అన్న ఒక్క మాటతో వదిలేశారు. ఈ డబ్బు మళ్లీ మీ చేతికొచ్చేది గది ఖాళీ చేశాక, బహుశా రెండేళ్లకు. ఆ ఖాతాకి ఇంకో ముగ్గురు విద్యార్థులు కూడా ‘Kaution’ అనే పంపి ఉంటారు. ఎవరిది ఎంత అన్న మాట వచ్చిన రోజున మీ తరఫున నిలబడేది ఈ వాక్యమే. ఇలా రాయండి, చుక్కల చోట మీ వివరాలు పెట్టి:

```
Kaution 1. Rate von 3, Zimmer 3, ...strasse 12, Mietvertrag vom ..., Name: ...
```

మూడింటిలో మొదటి వాయిదా అన్న మాట, గది నంబరు, వీధి, అగ్రిమెంట్ తేదీ, పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు మీ పేరు. పాస్‌పోర్ట్ నంబరు మాత్రం రాయొద్దు, ఆ వాక్యం ఓనర్ స్టేట్‌మెంట్‌లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

అన్నీ తేలి Freigeben దాకా వచ్చినప్పుడు, చాలా బ్యాంకుల్లో ఇంకో యాప్ తెరుచుకుని మొత్తం, ఐబాన్ మళ్లీ చూపిస్తుంది. మీరిచ్చే ఆమోదం ఆ రెంటికీ ముడిపడి ఉంటుంది. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, రెండో తెరను మొదటి తెరతో పోల్చి ‘రెండూ ఒకటే’ అని నొక్కేస్తారు. ఒకటే ఉంటాయి మరి, రెండూ ఒకే చోటు నుంచి వచ్చాయి. ఓనర్ ఫోన్‌లో చదివిన ఆరు అంకెలు కాగితం మీద రాసుకున్నారు కదా, రెండో తెరను ఆ కాగితంతో పోల్చండి. మీరు ఏ బదిలీ మొదలుపెట్టకుండానే ఆమోదం అడిగే తెర వస్తే అది మీది కాదు, తిరస్కరించి బ్యాంకుకి ఫోన్ చేయండి. ఆన్‌లైన్ బ్యాంకింగ్ అర్జెంటుగా మూయించాల్సి వస్తే జర్మనీ అంతటా 116 116 పనిచేస్తుంది.

పంపాక ఓనర్ రుజువు అడిగితే ఈ ఆమోదం తెర స్క్రీన్‌షాట్ పంపకండి. అది పంపబోతున్నట్టు చూపేదే తప్ప పంపినట్టు చూపేది కాదు, తెలిసిన ఓనర్ దాన్ని ఒప్పుకోడు కూడా. ‘ఆర్డర్ అందింది’ అని వచ్చే తెర కూడా మీ బ్యాంకు తీసుకుందని మాత్రమే చెబుతుంది. ఖాతాలో ఆ వరస gebucht, అంటే నమోదైంది, అని మారాక, యాప్‌లోంచి ఆ లావాదేవీ పీడీఎఫ్ దించుకుని అదే పంపండి. ఇందాకటి స్క్రీన్‌షాట్ స్నేహితులకు, అన్నయ్యకు వెళ్లి ఉంటే, అందులో మీ ఖాతా నంబరు, నిల్వ కనిపిస్తున్నాయేమో చూసి తీసేయించండి. పీడీఎఫ్ ఒక కాపీ అగ్రిమెంట్‌తో పాటు దాచండి, మిగతా రెండు వాయిదాలవి కూడా అక్కడే చేర్చండి.